ఎలక్ట్రిక్ కారుకు రెండో గేరు పెడితే దానికి పనేముంటుంది?

ప్రశ్న: పోయిన నెల ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాను. పదిహేనేళ్లు మాన్యువల్ బండి నడిపిన చెయ్యి ఇంకా గేరు రాడ్ కోసం వెతుక్కుంటోంది. లోపల ఒక్కటే గేరు ఉంటుందని షోరూంలో చెప్పారు. పెట్రోల్ బండికి ఐదారు గేర్లు కావాల్సి వచ్చినప్పుడు దీనికి ఒక్కటి ఎలా సరిపోతుంది? ఖర్చు తగ్గించుకోవడానికి మానేశారా? తిరుమల ఘాట్ ఎక్కుతుంటే మోటారు మీద భారం పడదా? పైన ఇంకో గేరు ఉంటే హైవే మీద రేంజి పెరిగేది కదా?

సమాధానం:

ఖర్చు కూడా ఒక కారణమే గానీ అసలు కారణం అది కాదు. రెండో గేరు పెట్టినా మామూలు కారులో అది చేసే పని చాలా తక్కువ. ఈ సంగతి నాకు పుస్తకం చదివి కాదు, ఒక బండి విప్పి బిగించాకే ఒంటబట్టింది.

కొన్నేళ్ల కిందట మేం నలుగురం కలిసి ఒక పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌ను ఎలక్ట్రిక్‌గా మార్చాం. ఇంజిన్ దించేసి ఆ చోట మోటారు పెట్టాం. గేర్‌బాక్స్ ఎలాగూ ఉంది కదా అని దాన్ని అలాగే ఉంచాం. మొదటి రోజు మొదటి గేరులో బయలుదేరితే ముందు టైర్లు కీచుమన్నాయి, 45 దాటేలోపే మోటారు తన చివరి వేగానికి చేరిపోయింది. రెండో గేరులో కాస్త నయం. మూడో గేరులో పెట్టి నేరుగా వదిలితే నిలబడ్డ చోటు నుంచి మెత్తగా కదిలి 110 దాకా వెళ్లింది. రెండు వారాలు గడిచేసరికి మాలో ఎవరూ గేరు రాడ్ ముట్టుకోవడం లేదు. ఎప్పుడు చూసినా మూడో గేరే. బండి ఓనరు వచ్చి చూసి, "మరి మిగతా నాలుగు గేర్లను ఎందుకు మోస్తున్నట్టు?" అన్నాడు. మీరు అడిగిన ప్రశ్ననే ఆయన అటువైపు నుంచి అడిగాడన్నమాట.

ముందు గేరు చేసే పని ఏమిటో చూద్దాం. గేరు పవర్‌ను పుట్టించదు. మోటారు నుంచి 80 కిలోవాట్లు వస్తే చక్రం దగ్గరికి కూడా, పళ్ల రాపిడిలో పోయే కాస్త మినహా, అంతే వస్తుంది. గేరు చేసేదల్లా వేగాన్ని తగ్గించి, తిప్పే బలం అయిన టార్క్‌ను పెంచడం, లేదా టార్క్‌ను తగ్గించి వేగాన్ని పెంచడం. కాబట్టి ఇన్ని గేర్లు కావాలా అన్న ప్రశ్న అసలు ఇలా ఉండాలి: ఈ యంత్రం తన పూర్తి పవర్‌ను ఎంత విశాలమైన వేగాల మధ్య ఇవ్వగలదు?

పెట్రోల్ ఇంజిన్ దగ్గర ఇబ్బంది అక్కడే. 800 ఆర్‌పీఎం కన్నా కిందికి వస్తే అది ఆగిపోతుంది, సున్నా దగ్గర దానికి టార్క్ అనేదే లేదు. 6000 దాటితే పగ్గాలు వేయాలి. పూర్తి పవర్ దొరికేది పైనున్న ఒక ఇరుకైన చోట, సుమారు 5000 నుంచి 6000 మధ్య. చిన్న పెట్రోల్ కారులో మొదటి గేరు, ఫైనల్ డ్రైవ్ కలిపి చూస్తే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ దాదాపు 15 చుట్లు తిరగాలి. ఐదో గేరులో మూడున్నర చుట్లు చాలు. ఆ కారుకు ఐదో గేరు ఒక్కటే ఉందనుకోండి. ఇంజిన్ కనీస వేగం 800 దగ్గర బండి అప్పటికే 25 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. అంతకన్నా నెమ్మదిగా పోవాలంటే క్లచ్ కాల్చుకోవాల్సిందే. పోనీ మొదటి గేరు ఒక్కటే ఉందనుకోండి. 45 దగ్గరే ఇంజిన్ అరుస్తూ తన చివరి వేగానికి చేరిపోతుంది. ఈ రెండు చివర్ల మధ్య ఇరుకైన పవర్‌ను మెట్టుమెట్టుగా జరుపుకుంటూ వెళ్లడానికే మధ్యలో గేర్లు పెట్టారు.

ఎలక్ట్రిక్ మోటారు ప్రవర్తన వేరు. దానికి ఆగిపోవడం అనేదే లేదు. సున్నా వేగం దగ్గరే పూర్తి టార్క్ ఇస్తుంది, ఎందుకంటే టార్క్ వైండింగుల్లో పారే కరెంటు మీద ఆధారపడుతుంది, ఆ కరెంటు పారడానికి మోటారు తిరుగుతూ ఉండాల్సిన పని లేదు. వేగం పెరిగే కొద్దీ మోటారు తనకు తానే జనరేటర్ లాగా మారి బ్యాటరీకి ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది. ఒక వేగం దగ్గర ఆ ఎదురు వోల్టేజి బ్యాటరీ ఇవ్వగలిగినంతకు చేరుతుంది. దాన్ని బేస్ స్పీడ్ అంటారు. అక్కడితో కథ అయిపోవాలి, కానీ బ్యాటరీ కరెంటును మోటారుకు కావాల్సినట్టు మార్చి పంపే ఇన్వర్టర్ ఒక చిన్న మాయ చేస్తుంది. కరెంటులో కొంత భాగాన్ని అయస్కాంత క్షేత్రానికి ఎదురుగా పంపి దాన్ని బలహీనపరుస్తుంది. క్షేత్రం తగ్గితే ఎదురు వోల్టేజి తగ్గుతుంది, మోటారు ఇంకా వేగంగా తిరగగలుగుతుంది. అప్పటి నుంచి వేగం పెరిగే కొద్దీ టార్క్ అదే లెక్కలో తగ్గుతూ వస్తుంది, రెండింటి లబ్ధమైన పవర్ మాత్రం దాదాపు ఒకే చోట నిలుస్తుంది. నన్నడిగితే మీ కారులో గేర్‌బాక్స్ పని చేస్తున్నది ఈ ఫీల్డ్ వీకెనింగే. పళ్లు లేవు, క్లచ్ లేదు, గేరు మార్చిన కుదుపు లేదు.

ఇప్పుడు ఒక నిజమైన కారుతో లెక్క వేద్దాం. మొదటి తరం నిస్సాన్ లీఫ్ అంకెలు నాకు కంఠతా వచ్చు కాబట్టి దాన్నే తీసుకుంటాను. దాని మోటారు 280 న్యూటన్ మీటర్ల టార్క్‌ను సున్నా నుంచి 2730 ఆర్‌పీఎం దాకా ఇస్తుంది. అక్కడి నుంచి 9800 దాకా 80 కిలోవాట్ల పవర్ నిలకడగా ఉంటుంది. మధ్యలో ఉన్న గేరు నిష్పత్తి 7.94, అంటే మోటారు దాదాపు ఎనిమిది చుట్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు.

చక్రాల దగ్గర టార్క్ 280 × 7.94, అంటే 2220 న్యూటన్ మీటర్ల పైచిలుకు. 113 న్యూటన్ మీటర్ల చిన్న పెట్రోల్ ఇంజిన్ మొదటి గేరులో, అదీ 4000 ఆర్‌పీఎం దాటాక, చక్రం దగ్గర ఇచ్చేది సుమారు 1700. అంటే లీఫ్‌కు ఉన్న ఒక్క గేరు ఆ కారు మొదటి గేరు కన్నా గట్టిగా లాగుతోంది, పైగా నిలబడ్డ చోటు నుంచే. 2730 ఆర్‌పీఎం అంటే రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం. అక్కడి నుంచి 140 దాటేదాకా పూర్తి 80 కిలోవాట్లు చేతిలో ఉంటాయి.

దీనికి ఇంకో గేరు కలుపుదాం, నిష్పత్తి రెట్టింపు, 15.9. నగరంలో ఝుమ్మని లాగడానికి అనుకోండి. బేస్ స్పీడ్ ఇప్పుడు 20 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. 20 లోపు చక్రం మీద బలం రెట్టింపు, అక్కడి నుంచి 40 దాకా తగ్గుతూ వచ్చే లాభం. 40 దాటాక? అటు చూసినా ఇటు చూసినా 80 కిలోవాట్లే. 60 దగ్గర ఏ గేరులో ఉన్నా చక్రం మీద బలం ఒకటే. అంటే కొత్త గేరు పనికొచ్చేది 40 లోపు మాత్రమే.

ఆ 40 లోపు కూడా ఆ బలాన్ని రోడ్డు తీసుకోదు. ఉన్న ఒక్క గేరుతోనే ముందు చక్రాలు రోడ్డును సుమారు 7100 న్యూటన్ల బలంతో తోస్తాయి. ఇద్దరు మనుషులతో కారు బరువు 1700 కిలోలు, అందులో సగానికి కాస్త ఎక్కువ ముందు చక్రాల మీద పడుతుంది. కారు ముందుకు ఉరికినప్పుడు ఆ బరువులో కొంత వెనక్కి జరుగుతుంది. మిగిలిన బరువు మీద మంచి టైరు పొడి రోడ్డును పట్టగలిగేది కూడా దాదాపు అంతే, 7000 అటూ ఇటూ. అంటే ఒక్క గేరుతోనే టైరు పట్టు అంచుకు చేరిపోయాం. రెట్టింపు బలం ఇస్తే ట్రాక్షన్ కంట్రోల్ దాన్ని కోసేస్తుంది, లేకపోతే మా హ్యాచ్‌బ్యాక్ లాగా టైర్లు కీచుమంటాయి. 20 కిలోల అదనపు ఇనుము మోసి తెచ్చుకున్న బలాన్ని సాఫ్ట్‌వేర్‌తో నొక్కి పెట్టుకోవడమే అవుతుంది.

ఇక మీ ఘాట్ రోడ్డు సంగతి. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు, దారి 16 కిలోమీటర్లు. సగటు వాలు నూటికి నాలుగున్నర లోపే. నూటికి 6 వాలు ఉన్న చోట ఇదే లీఫ్ 40 వేగంతో ఎక్కుతోందనుకోండి. వాలు, టైర్ల రాపిడి, గాలి అన్నీ కలిపి లాగాల్సింది 1200 న్యూటన్లకు కాస్త అటూ ఇటూ. పవర్‌లో చెప్పాలంటే 13 కిలోవాట్లు, మోటారు దగ్గర టార్క్ 47 న్యూటన్ మీటర్లు. ఇవ్వగలిగేది 280. మోటారుకు ఇది చెమట పట్టే పని కాదు. పెట్రోల్ బండిలో ఘాట్ మీద రెండో గేరులోకి దిగేది వాలు కష్టమై మాత్రమే కాదు, ఆ నెమ్మది వేగంలో ఇంజిన్ ఆర్‌పీఎం పడిపోతుందని. ఇక్కడ ఆ భయమే లేదు.

అయితే ఘాట్ మీద ఒక పని మాత్రం చేయకండి. ముందు బస్సు ఆగింది, మీరూ వాలులో ఆగారు. బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ కాస్త నొక్కి బండిని అక్కడే నిలబెట్టడం కొందరికి అలవాటు. మోటారు తిరగకుండా టార్క్ ఇస్తున్నప్పుడు కరెంటు మూడు ఫేజుల మధ్య మారుతూ ఉండదు, ఒకటి రెండు ఫేజుల్లోనే ఆగకుండా పారుతుంది. ఇన్వర్టర్‌లో ఆ ఫేజు తాలూకు ట్రాన్సిస్టర్లు మాత్రమే వేడెక్కిపోతాయి. కాసేపటికి బండి తనంతట తనే టార్క్ తగ్గించుకుంటుంది, వెనక్కి జారుతుంది. బ్రేకు తొక్కండి, లేదా ఆటో హోల్డ్ వేసుకోండి.

హైవే రేంజి గురించి మీ అనుమానం మాత్రం నిజమైనదే, అందులో కొంత సత్యం ఉంది. 100 వేగంతో పోతుంటే లీఫ్‌కు కావాల్సింది సుమారు 13 కిలోవాట్లు. మోటారు దాదాపు 6800 ఆర్‌పీఎంతో తిరుగుతూ 18 న్యూటన్ మీటర్ల టార్క్ మాత్రమే ఇస్తుంటుంది. ఎక్కువ వేగం, తక్కువ భారం. అక్కడ ఇనుప పొరల్లో నష్టం, క్షేత్రాన్ని బలహీనపరచడానికి వాడే కరెంటు నష్టం కాస్త ఎక్కువగా ఉంటాయి. 5 నిష్పత్తి గేరు ఉంటే 4300 ఆర్‌పీఎంకు దిగుతుంది, మోటారు సామర్థ్యం ఒకటి రెండు శాతం మెరుగుపడవచ్చు. రెండు శాతమే అనుకున్నా 13 కిలోవాట్లలో 260 వాట్లు. మే నెల ఎండలో మీ ఏసీ తినేది దీనికి నాలుగైదు రెట్లు. ఆ 260లో కూడా కొంత అదనపు గేర్లు, క్లచ్, ఆయిల్‌ను చిలకడంలో పోతుంది. పెట్రోల్ ఇంజిన్‌కు పై గేరు ఇచ్చే లాభం ఇంతకన్నా చాలా పెద్దది, ఎందుకంటే తక్కువ భారం మీద దాని సామర్థ్యం ఘోరంగా పడిపోతుంది. మంచి మోటారు మాత్రం తాను పనిచేసే వేగాల్లో, భారాల్లో చాలా భాగంలో 90 శాతం పైనే ఉంటుంది.

మరి ఆ ఒక్క గేరు కూడా ఎందుకు, మోటారును నేరుగా చక్రానికి బిగించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. మోటారు సైజు పవర్‌ను బట్టి కాదు, టార్క్‌ను బట్టి పెరుగుతుంది. చక్రం దగ్గర 2220 న్యూటన్ మీటర్లు నేరుగా ఇచ్చే మోటారు కావాలంటే రాగి, ఇనుము, అయస్కాంతాలు అన్నీ ఆ మేరకు పెరగాలి. చిన్న మోటారును వేగంగా తిప్పి పళ్ల చక్రాలతో తగ్గించుకోవడం చవక. అందుకే లోపల ఉండేది రెండు అంచెల తగ్గింపు: మోటారు షాఫ్ట్ మీద చిన్న పళ్ల చక్రం, మధ్యలో ఒక షాఫ్ట్, చివర డిఫరెన్షియల్‌ను పట్టుకున్న పెద్ద చక్రం. రివర్సుకు వేరే గేరు అక్కర్లేదు, మోటారే అటు తిరుగుతుంది.

ఇదంతా కాగితం మీద లెక్కే కదా, ఎవరైనా నిజంగా రెండు గేర్లు పెట్టి చూశారా? చూశారు. టెస్లా తన మొదటి కారు రోడ్‌స్టర్‌కు రెండు గేర్ల పెట్టెనే అనుకుంది. మొదటి గేరు పికప్ కోసం, రెండోది 200 కిలోమీటర్ల గరిష్ఠ వేగం కోసం. ఆ పెట్టె నిలబడలేదు. కారణం ఊహించుకోవచ్చు. మోటారులో తిరిగే భాగమైన రోటర్ 13,000 ఆర్‌పీఎం దరిదాపుల్లో తిరుగుతుండగా గేరు మార్చాలంటే దాని వేగం ఒక్క క్షణంలో దాదాపు సగానికి పడాలి. ఇంజిన్‌లో టార్క్ మెల్లగా పుంజుకుంటుంది, మోటారులో మిల్లీసెకన్లలో విరుచుకుపడుతుంది. ఆ దెబ్బలన్నీ పళ్ల మీదే. 2008లో మొదటి కార్లను రెండో గేరులోనే బిగించేసి అమ్మారు. సున్నా నుంచి 96 కిలోమీటర్లకు చేరడానికి వాటికి 5.7 సెకన్లు పట్టేది.

తర్వాత వాళ్లు చేసిన పని నాకు ఇప్పటికీ నచ్చుతుంది. గేర్‌బాక్స్‌ను బాగుచేయడం మానేసి ఇన్వర్టర్‌ను బాగుచేశారు. ఎక్కువ కరెంటు ఇవ్వగల ఎలక్ట్రానిక్స్ పెట్టి మోటారు టార్క్‌ను దాదాపు మూడో వంతు పెంచారు, 8.28 నిష్పత్తితో ఒకే గేరు పెట్టారు. 5.7 సెకన్లు 3.9కి దిగింది, గరిష్ఠ వేగం అలాగే ఉంది. గేరు ఇస్తుందనుకున్నది ట్రాన్సిస్టర్ ఇచ్చింది. ఎలక్ట్రిక్ కార్ల పందెమైన ఫార్ములా-ఈలోనూ ఇదే జరిగింది. 2014లో మొదటి సీజన్ కార్లకు ఐదు గేర్లు ఉండేవి, తర్వాత జట్లకు స్వేచ్ఛ ఇస్తే ఒక్కొక్కటే తగ్గించుకుంటూ అందరూ ఒకే గేరుకు వచ్చేశారు.

రెండు గేర్లు నిజంగా పనికొచ్చే చోట్లూ ఉన్నాయి. 2019లో వచ్చిన పోర్షే టైకాన్ వెనక ఇరుసుకు రెండు గేర్లు ఉన్నాయి, మొదటిది సుమారు 15.5, రెండోది 8. నాలుగు చక్రాల డ్రైవు, వెడల్పాటి టైర్లు, 260 దాకా పోయే వేగం. టైర్లు పట్టగలిగే బలం ఎక్కువ, చేరాల్సిన వేగం ఎక్కువ, కాబట్టి ఒక్క గేరు రెండు చివర్లనూ అందుకోలేదు. అయినా మామూలుగా నడిపే మోడ్‌లో అది ఎక్కువగా రెండో గేరులోనే ఉంటుంది. 2025 మెర్సిడెస్ సీఎల్ఏ కూడా వెనక 11, 5 నిష్పత్తులతో రెండు గేర్లు పెట్టింది, అది మాత్రం ముఖ్యంగా హైవేలో ఆ చిన్న శాతాల కోసం. గంటల కొద్దీ 130 మీద పోయే దేశాల్లో ఆ శాతాలు కూడితే పనికొస్తాయి, మన రోడ్ల మీద తక్కువ. నలభై టన్నుల లారీ అయితే లెక్కే వేరు. వోల్వో ఎఫ్‌హెచ్ ఎలక్ట్రిక్ లారీలో పన్నెండు గేర్ల పెట్టె అలాగే ఉంది. బరువుతో పోలిస్తే పవర్ తక్కువ, ఎక్కాల్సిన వాలు ఎక్కువ. చిన్న మోటారు పెట్టి కార్లను మార్చే కిట్లలో కూడా గేర్లు పనికొస్తాయి, ఇదే కారణంతో.

చివరిగా మీకు ఉపయోగపడే రెండు మాటలు. గేరు ఒక్కటే అయినా ఆయిల్ ఉంటుంది, బేరింగులు ఉంటాయి, పళ్లు ఉంటాయి. ఇంజిన్ చప్పుడు లేదు కాబట్టి వాటి గొంతు మీకు నేరుగా వినిపిస్తుంది. సన్నటి ఈల లాంటి శబ్దం వేగంతో పాటు పెరుగుతూ, యాక్సిలరేటర్ వదిలి, మోటారు బండి వేగం తగ్గిస్తూ బ్యాటరీని నింపే రీజెన్ మొదలవగానే స్వరం మారితే అది పళ్ల శబ్దం, ఎందుకంటే అప్పుడు పళ్లు రెండో వైపు ఆనుకుంటాయి. కొంత ఈల మామూలే. కొత్తగా మొదలైతేనో, రోజురోజుకూ పెరిగితేనో చూపించాలి. నొక్కినా వదిలినా మారకుండా గుయ్యిమనే మోత బేరింగుది. ఇన్వర్టర్ నుంచి షాఫ్ట్‌లోకి చేరే చిన్న కరెంట్లు బేరింగు గుండా దూకుతూ దాని దారిలో గీతలు పెడతాయి, ఆ జబ్బు పెట్రోల్ కార్లకు లేదు. నొక్కడానికీ వదలడానికీ మధ్య టక్కుమని కొడితే షాఫ్టులను కలిపే గాళ్లు, అంటే స్ప్లైన్లు, వదులయ్యాయేమో చూడాలి. సర్వీసుకు ఇచ్చేటప్పుడు "ఏదో శబ్దం" అనకుండా ఈ మూడింటిలో ఏదో చెప్పండి, మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

రెండోది, బండి చెడిపోతే తాడు కట్టి లాగించకండి. N లో పెట్టినా మోటారు చక్రాల నుంచి విడిపోదు, విడదీయడానికి మధ్యలో క్లచ్ లేదు కదా. చక్రాలు తిరిగితే అయస్కాంతాలున్న రోటర్ ఎనిమిది రెట్ల వేగంతో తిరుగుతుంది, కరెంటు పుట్టిస్తుంది, ఆ వోల్టేజి నేరుగా ఇన్వర్టర్ మీద పడుతుంది. ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించండి, అది దొరక్కపోతే కనీసం డ్రైవు ఉన్న చక్రాలనైనా నేల మీద నుంచి లేపి తీసుకెళ్లమనండి.